మీకు తెలుసా? పదిహేను వందల కరపత్రాల కన్నా రెండు వేలు చవక!

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక ప్రింటింగ్ షాపు ఉందనుకుందాం. బోడుప్పల్‌లో ట్యూషన్లు చెప్పే ఒకావిడ అడ్మిషన్ల కరపత్రం వేయించడానికి వచ్చింది. ఏ4 సైజు, ఒకవైపే అచ్చు, మల్టీకలర్, 130 జీఎస్ఎం ఆర్ట్ పేపరు.

"అన్నా, పదిహేను వందలకు ఎంతైతది?"

షాపాయన కంప్యూటర్‌లో అంకె కొట్టాడు. "ఎనిమిది వేల ఇరవై అయిదు మేడం."

"రెండు వేలు వేయిస్తే?"

"ఆరు వేల ఆరు వందల నలభై."

"ఎక్కువ తీసుకుంటే తక్కువ ఎట్లైతది అన్నా?"

షాపాయన షీటును మళ్ళీ చూశాడు. షీటులో కూడికలు, గుణకారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. 1,000 నుంచి 1,999 దాకా కాపీ ఒక్కటి 5.35 రూపాయలు. 2,000 నుంచి 4,999 దాకా 3.32. ఆపైన 2.24. 1500ని 5.35తో గుణిస్తే 8,025 వస్తుంది, 2000ని 3.32తో గుణిస్తే 6,640 వస్తుంది. తప్పు అంకెల్లో లేదు, రేట్ల పట్టికను కట్టిన తీరులో ఉంది. ఆ పట్టిక ప్రకారం 1,242వ కాపీ నుంచి 1,999వ కాపీ దాకా ఏ సంఖ్య చెప్పినా రెండు వేల కాపీల కన్నా ఎక్కువే కట్టాలి. లెక్క తెలిసిన పార్టీ రెండు వేలు వేయించుకుని ఐదు వందలు పారేస్తుంది. తెలియని పార్టీ ఎక్కువ కట్టి వెళ్తుంది, తర్వాత ఎవరో చెప్తే మళ్ళీ ఆ షాపు గడప తొక్కదు.

మొదటి కాపీ ఖరీదు మూడు వేలు

ఆఫ్‌సెట్‌లో ఖర్చు రెండు ముక్కలుగా వస్తుంది. ఒక ముక్క మెషిన్ తిరగకముందే అయిపోతుంది, రెండోది ప్రతి కాపీతో పాటు నడుస్తుంది. దీన్ని అంకెల్లో చూద్దాం. కింద వాడిన రేట్లు ఉదాహరణ కోసం నేను పెట్టుకున్నవి. మీ కాగితం డీలరు రేటు, మీ మెషిన్ రేటు వేసుకుంటే అంకెలు మారతాయి గానీ లెక్క నడిచే దారి మారదు.

ముందు కాగితం. ఏ4 పనికి 25×36 అంగుళాల షీటు తీసుకుంటాం. దాన్ని సగానికి కోస్తే 18×25 షీట్లు రెండు వస్తాయి. ఒక్కో దాని మీద నాలుగు ఏ4లు పడతాయి, మెషిన్ పట్టుకునే అంచుకూ చివరి కటింగుకూ చోటు మిగులుతుంది. అంటే పెద్ద షీటుకు ఎనిమిది కాపీలు. ఇక్కడ కొత్తవాళ్ళు పడే గుంట ఒకటుంది. 23×36 షీటు చవకగా దొరికింది కదా అని దాని మీద లెక్క కట్టేస్తారు. ఏ4 పొడవు 11.69 అంగుళాలు, రెండు పక్కపక్కన పెడితే 23.38 అవుతుంది. 23 అంగుళాల్లో అది పట్టదు. అప్పుడు కరపత్రాన్ని పొట్టి చేయాలి, లేదా షీటుకు వచ్చే కాపీలు తగ్గుతాయి. కొటేషన్ ఇచ్చేశాక కటింగ్ మెషిన్ దగ్గర ఈ సంగతి బయటపడితే లాభమంతా అక్కడే పోతుంది.

25×36 షీటును మీటర్లలోకి మారిస్తే 0.635, 0.914. గుణిస్తే 0.58 చదరపు మీటరు. 130 జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు 130 గ్రాములు కాబట్టి షీటు బరువు 75 గ్రాములకు కొంచెం పైన. కిలో 90 రూపాయల చొప్పున ఒక షీటు సుమారు 6.80 పడుతుంది.

ఇప్పుడు మెషిన్ తిరగకముందు అయ్యే ఖర్చు చూడండి. నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు, ఒక్కోటి 300 చొప్పున 1,200. మెషిన్‌కు మినిమం చార్జి 1,500, అందులో మొదటి వెయ్యి ఇంప్రెషన్లు కలిసే ఉంటాయి. రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునే దాకా పాడయ్యే కాగితం యాభై పెద్ద షీట్లు, 340. మొత్తం 3,040 రూపాయలు. ఇంకా ఒక్క మంచి కాపీ కూడా చేతికి రాలేదు.

ఆ తర్వాత నడిచే ఖర్చు చాలా చిన్నది. రెండు శాతం వేస్టేజి కలుపుకుని కాపీకి కాగితం 87 పైసలు, కటింగు, కట్టలు కట్టడం 10 పైసలు, మొత్తం 97 పైసలు. వెయ్యి కాపీలకు ఖర్చు 4,010, అంటే కాపీ నాలుగు రూపాయలు. రెండు వేలకు 4,980, కాపీ రెండున్నర. వెయ్యికీ రెండు వేలకూ మధ్య కాపీ ఖరీదు ఇంతగా పడిపోవడానికి కారణం షాపువాడి ఔదార్యం కాదు, ఆ 3,040 రూపాయలు ఎక్కువ కాపీల మీద పంచుకోవడం. పట్టిక కట్టినాయన ఈ ఖర్చును గడిగడికీ పడిపోయే డిస్కౌంటుగా రాశాడు. కాపీకి ఇంత అని గడి గడికీ ఒకే రేటు పెట్టి, ఆ రేటును గడిలో మొదటి సంఖ్య ఖర్చును బట్టి కట్టాడు. 1,500 కాపీలకు కూడా వెయ్యి కాపీల నాటి భారాన్నే మోపాడు. ట్యూషన్ ఆవిడ ప్రశ్నకు అసలు జవాబు ఇదే.

పాత ప్రెస్సువాళ్ళ మాటే సరైన లెక్క

కంప్యూటర్లు రాకముందు ప్రెస్సుల్లో కాపీకి ఇంత అని చెప్పేవాళ్ళు తక్కువ. "మొదటి వెయ్యికి ఇంత, ఆపైన వెయ్యికి ఇంత" అనేవాళ్ళు. కొన్ని ఆఫ్‌సెట్ యూనిట్లలో ఈ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ ఒక్క వాక్యంలో స్థిరమైన ఖర్చూ నడిచే ఖర్చూ రెండూ వేరువేరుగా ఉన్నాయి. ఎక్సెల్ షీటు వచ్చాక, అచ్చొత్తిన ధరల కాగితం చూడడానికి బాగుండాలని, వాటిని కలిపి కాపీ రేటు చేశారు. నా దృష్టిలో ఈ పనిలో జరిగిన అసలు నష్టం అదే.

మన ఉదాహరణను ఆ పాత మాటలోకి మారుద్దాం. అమ్మకం ధరలో పాతిక శాతం లాభం కావాలనుకుంటే వెయ్యి కాపీల ధర 5,350. ఆపైన ఎంత పెట్టాలి? కాపీకి 97 పైసలు ఉండనే ఉంది, కానీ మెషిన్‌ను మరిచిపోకూడదు. ఒక్కో ఇంప్రెషన్‌లో నాలుగు కాపీలు వస్తాయి కాబట్టి మినిమం చార్జిలోని వెయ్యి ఇంప్రెషన్లు 4,000 కాపీల దాకా సరిపోతాయి. 4,001వ కాపీకి మెషిన్‌వాడు రెండో వెయ్యి మొదలైందని ఇంకో 500 రాస్తాడు. 4,000 కాపీలకు ఖర్చు 6,920 ఉంటే, మరో వంద కాపీలు వేస్తే 7,517కి చేరుతుంది. కాపీ ఖరీదు 1.73 నుంచి 1.83కి పెరుగుతుంది. ఎక్కువ వేస్తే ఎప్పుడూ చవకే అనుకునేవాళ్ళు తరచూ నష్టపోయేది ఈ మెట్టు దగ్గరే.

ఆ 500ను నాలుగు వేల కాపీలకు పంచితే కాపీకి పన్నెండున్నర పైసలు. 97తో కలిపితే సుమారు 1.10. అమ్మకం ధరలో పాతిక శాతం లాభం మిగలాలంటే 1.46. కాబట్టి ధర ఇలా చెప్పొచ్చు: మొదటి వెయ్యికి 5,350, ఆపైన వెయ్యికి 1,460. ట్యూషన్ ఆవిడకు 1,500 కాపీలు 6,080, రెండు వేలు 6,810. అదనపు ఐదు వందలకు 730 రూపాయలు. ఆ ఐదు వందలు ఆవిడకు అవసరమా కాదా అన్నది ఇప్పుడు ఆవిడే తేల్చుకోగలదు, ధరల కాగితం ఆవిడను అటు నెట్టదు. షాపువాడికీ లాభం నిలకడగా ఉంటుంది: 4,000 దగ్గర సుమారు 29 శాతం, మెట్టు దాటగానే 24 శాతం, 5,000 దగ్గర సరిగ్గా 25.

పాతిక శాతం అంటే ఎవరి పాతిక?

ఖర్చు మీద పాతిక వేయడం వేరు, ధరలో పాతిక మిగలడం వేరు. 4,010 మీద పాతిక శాతం కలిపితే 5,012.50 వస్తుంది. ఇందులో లాభం 1,002.50, అంటే ధరలో ఇరవై శాతమే. ధరలో పాతిక మిగలాలంటే ఖర్చును 0.75తో భాగించాలి: 5,346.67. తేడా 334 రూపాయలు, ఒక్క వెయ్యి కాపీల పనికే.

డిస్కౌంటు దగ్గర ఈ తేడా ఇంకా కోస్తుంది. "ఖర్చు మీద పాతిక వేసుకున్నాం కదా, పార్టీ పాతవాడు, పది శాతం తగ్గిద్దాం" అంటాడు యజమాని. 5,012.50లో పది శాతం పోతే 4,511.25 మిగులుతుంది, లాభం 501.25. పది శాతం తగ్గించి లాభంలో సగం వదులుకున్నాడు. బేరం ఆడే చోట కూర్చున్న మనిషి ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు: డిస్కౌంటు ధరలోంచి తీస్తారు గానీ అది తినేది లాభాన్ని.

జీఎస్టీని ఈ లెక్కలన్నీ అయ్యాక, విడి వరుసలో వేయాలి. అది షాపు ఆదాయం కాదు. పన్ను కలిపిన మొత్తం మీద లాభ శాతం చూసుకుంటే లేని లాభం కనిపిస్తుంది.

ఐదు వందల కాపీలకు ఆఫ్‌సెట్ గడే వద్దు

ఐదు వందలకు ఆఫ్‌సెట్ ఖర్చు 3,525. కాపీ ఏడు రూపాయలు దాటుతుంది. అదే డిజిటల్ మెషిన్‌లో ప్లేట్లు లేవు, రంగులు కూర్చోబెట్టడానికి యాభై పెద్ద షీట్లు పాడవ్వవు. కాపీకి ఆరు రూపాయల చొప్పున అమ్మినా 3,000తో అయిపోతుంది. ఆఫ్‌సెట్‌లోనూ ధరలో పాతిక శాతం లాభం వేసుకుంటే, మన అంకెల ప్రకారం సుమారు 860 కాపీల దగ్గర రెండు దారులూ కలుస్తాయి. అంతకు తక్కువైతే డిజిటల్, ఎక్కువైతే ఆఫ్‌సెట్. కాపీకి ఇంత అనే పద్ధతి సహజంగా నప్పేది కూడా డిజిటల్‌కే, ఎందుకంటే అక్కడ మొదటి కాపీ ఖరీదూ వందో కాపీ ఖరీదూ దాదాపు ఒకటే.

కొటేషన్ వెతికే షీటు

పెద్ద సంఖ్యలకు నిజంగా కొంత తగ్గించాలంటే, తగ్గింపు అదనపు కాపీల రేటులో ఉండాలి, మొత్తం కాపీల మీద కాదు. అందుకు మూడు వరుసలు చాలు. మొదటి నిలువులో ఎంత సంఖ్య నుంచి, రెండో దానిలో ఆ సంఖ్య దగ్గర మొత్తం ధర, మూడో దానిలో ఆపైన ఒక్కో కాపీకి ఎంత.

```
A       B       C
1000    5350    1.46
10000   18490   1.35
25000   38740   1.30
```

రెండో వరుసలోని 18,490ని ఊహించి రాయలేదు. మొదటి వరుస రేటుతో పదివేలకు లెక్క వేస్తే వచ్చే ధరే అది. మూడో వరుసా అంతే. ఇలా ఒక వరుస చివర, తర్వాతి వరుస మొదలు ఒకే చోట కలిస్తే ట్యూషన్ ఆవిడ అడిగిన ప్రశ్నకు ఇక తావు ఉండదు. 1.10 కన్నా కింద ఏ వరుసా పెట్టకూడదు, అక్కడి నుంచి అదనపు ప్రతి కాపీ నష్టమే.

పట్టిక A2 నుంచి C4 దాకా ఉండి, అడిగిన సంఖ్యను E2 గడిలో కొడితే, ధర ఈ సూత్రంతో వస్తుంది:

```
=VLOOKUP(E2,$A$2:$C$4,2,TRUE)
 +(E2-VLOOKUP(E2,$A$2:$C$4,1,TRUE))
 *VLOOKUP(E2,$A$2:$C$4,3,TRUE)
```

12,000 కొట్టి చూడండి. పదివేల వరుస దొరుకుతుంది: 18,490, దాని మీద 2,000 కాపీలకు 1.35 చొప్పున 2,700, మొత్తం 21,190.

చివర ఉన్న TRUE చాలామందిని తికమక పెడుతుంది. దాని అర్థం "సరిగ్గా ఇదే సంఖ్య దొరక్కపోతే, దీనికి దిగువన ఉన్న దగ్గరి వరుస తీసుకో" అని. FALSE పెడితే 12,000 అనే వరుస పట్టికలో లేదు కాబట్టి #N/A వస్తుంది. అది మంచి తప్పు, కనిపిస్తుంది. చెడ్డది ఇంకొకటుంది. TRUE పెట్టినప్పుడు మొదటి నిలువు చిన్న సంఖ్య నుంచి పెద్ద సంఖ్యకు వరుసగా ఉండాలి. మధ్యలో ఎవరో 5,000 వరుస కలపాలని అడుగున రాసి వదిలేస్తే, ఎక్సెల్ ఏమీ అనకుండా వేరే వరుస రేటు ఇచ్చే ప్రమాదం ఉంది. కొటేషన్ వెళ్ళిపోతుంది. మొదటి నిలువులో "1000-9999" అని గీత పెట్టి రాసినా చిక్కే, అది సంఖ్య కాదు, మాట అయిపోతుంది. గడిలో అంకె ఎడమవైపుకు ఒరిగి ఉంటే అనుమానించాలి. మీరు కావాలని మార్చకపోతే అంకెలు కుడివైపుకు ఉంటాయి.

వెయ్యికి తక్కువ కొడితే ఈ సూత్రం #N/A చూపిస్తుంది. దాన్ని దాచేయవద్దు. కౌంటర్ దగ్గర కూర్చున్న అబ్బాయికి "ఇది డిజిటల్ పని, వెయ్యికి దగ్గరపడితే వెయ్యి కాపీల ధరే చెప్పు" అని చెప్పే గుర్తు అదే.

షీటు బాగుందో లేదో తేల్చడానికి నేను చేసే పరీక్ష ఒకటే. ప్రతి మెట్టుకు ముందు సంఖ్యా, మెట్టు సంఖ్యా కొట్టి చూస్తాను. 9,999కి 18,488.54, 10,000కి 18,490. 24,999కి 38,738.65, 25,000కి 38,740. సంఖ్య పెరిగినప్పుడు మొత్తం ధర ఎక్కడా తగ్గకూడదు. తగ్గిందంటే వరుసలు కలవలేదని అర్థం.

కాగితం కిలోకు ఐదు రూపాయలు పెరిగితే

వెయ్యి కాపీలకు మన పనిలో తొమ్మిది కిలోల ఆరు వందల గ్రాముల కాగితం పడుతుంది. కిలోకు ఐదు రూపాయలు పెరిగితే వెయ్యికి 48. వెయ్యి కాపీల పనికి ఇది పెద్దగా తెలియదు. కానీ పాతిక వేలు దాటిన వరుసలో అదనపు వెయ్యికి 1,300 తీసుకుంటున్నాం, ఖర్చు 1,095, మిగిలేది 205. అందులో 48 పోతే దాదాపు నాలుగో వంతు పోయినట్టే. అంటే ఎక్కువ డిస్కౌంటు ఇచ్చిన పనిలోనే కాగితం ధర ఎక్కువ దెబ్బ కొడుతుంది. అందుకని షీటులో కాగితం కిలో రేటు ఒకే ఒక గడిలో ఉండాలి, పక్కన అది ఏ తేదీ రేటో రాసి ఉండాలి, మిగతా అంకెలన్నీ ఆ గడి నుంచే రావాలి. కొటేషన్ మీద "ఇన్ని రోజులకే" అనే మాట వేసేది కూడా ఈ 48 రూపాయల కోసమే.

ఈ ధర ప్రభుత్వానికి కూడా రాసివ్వాల్సిన రోజులున్నాయి

నాచారం, రామంతాపూర్, హబ్సిగూడ, మల్లాపూర్ కలిసిన ఉప్పల్ అసెంబ్లీ నియోజకవర్గంలో 2023 నవంబర్ 30న పోలింగ్ జరిగింది. అలాంటి రోజుల్లో కరపత్రాల పని వెల్లువలా వస్తుంది, ఆ పనికి ఒక చట్టం కూడా వెంట వస్తుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం, పోస్టరు మీద అచ్చువేసినవాళ్ళ పేరు, చిరునామా, ప్రచురించినవాళ్ళ పేరు, చిరునామా ఉండాలి. ప్రచురణకర్త తనెవరో చెబుతూ సంతకం చేసి, తనను వ్యక్తిగతంగా ఎరిగిన ఇద్దరితో ధ్రువీకరింపజేసి, ఆ కాగితం రెండు ప్రతులు ప్రింటరుకు ఇవ్వాలి. అచ్చయ్యాక దాని ఒక ప్రతీ, కరపత్రమూ అధికారులకు చేరాలి: రాష్ట్ర రాజధానిలో అచ్చయితే ప్రధాన ఎన్నికల అధికారికి, వేరే చోట అయితే జిల్లా మేజిస్ట్రేటుకు. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

ఎన్నికల సంఘం సూచనల ప్రకారం ప్రింటరు ఇచ్చే సమాచారంలో ఎన్ని కాపీలు వేశారన్నదీ, ఎంత తీసుకున్నారన్నదీ కూడా ఉంటాయి, ఎందుకంటే ఆ మొత్తం అభ్యర్థి ఎన్నికల ఖర్చు లెక్కతో ముడిపడుతుంది. ఒకే కరపత్రానికి ఒకరికి పదిహేను వందలు 8,025 అని, ఇంకొకరికి రెండు వేలు 6,640 అని ఆ ఫారాల మీద రాసి పంపితే, ఆ రెండు అంకెలనూ అధికారి పక్కపక్కన పెట్టి చూడొచ్చు. "మొదటి వెయ్యికి ఇంత, ఆపైన వెయ్యికి ఇంత" పద్ధతిలో కట్టిన షీటు ఉంటే 6,080, 6,810 అని రాస్తాం, ఆయన అడిగితే షీటు తెరిచి చూపిస్తాం.